అదే ఎద్దు, అదే సంక్రాంతి: చంద్రగిరిలో తప్పు, వేలూరులో ఒప్పు ఎలా అయింది?

క్లుప్తంగా: జంతు హింస నివారణ కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలోని అంశం. దానిపై 1960 నాటి కేంద్ర చట్టం ఉంది. తమిళనాడు 2009లో దానికి ఎదురుగా జల్లికట్టుపై ఒక చట్టం చేస్తే సుప్రీంకోర్టు 2014లో కొట్టేసింది. 2017లో అదే రాష్ట్రం రాష్ట్రపతి ఆమోదం తీసుకుని మళ్లీ చట్టం చేస్తే 2023లో అదే కోర్టు నిలబెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి సవరణ లేదు. రెండు తీర్పులకూ మధ్య ఉన్న తేడాకు అసలు మూలం, కేంద్ర, రాష్ట్ర చట్టాలు ఢీకొంటే ఏది నిలవాలో చెప్పే రాజ్యాంగంలోని 254వ అధికరణలో ఉంది.

తిరుపతి జిల్లా చంద్రగిరి మండలం రంగంపేటలో సంక్రాంతికి పశువుల పండుగ జరుగుతుంది. కోడెగిత్తల కొమ్ములకు రంగులు పూసి, చెక్క పలకలు కడతారు. పలక మీద దేవుడి బొమ్మో, అభిమాన నటుడి బొమ్మో, నాయకుడి బొమ్మో ఉంటుంది. కొందరు డబ్బు కూడా కడతారు. డప్పుల మోతలో గిత్తలను వీధిలోకి వదిలితే, రెండు వైపులా నిలబడిన యువకులు వాటిని నిలువరించి పలక లాక్కోవాలి. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం మిద్దెలెక్కి చూస్తారు. ఈ పండుగకు అనుమతి లేదని పోలీసులు చెప్పడం, ఇది తాతల నాటి ఆచారమని ఊరివాళ్లు అనడం ఏటా వినిపించే మాటే.

చిత్తూరు నుంచి బస్సెక్కితే గంట దూరంలో వేలూరు. అక్కడ సంక్రాంతి రోజుల్లో ఎడ్లను వీధిలో పరిగెత్తించే వేడుకను ‘ఎరుదు విడుం విళా’ అంటారు. దానికి కలెక్టరు అనుమతి ఉంటుంది, పశువైద్యుడి పరీక్ష ఉంటుంది, రెండు వరుసల కంచె ఉంటుంది. పోలీసులు కాపలా కాస్తారు. ‘అక్కడ చేస్తే పండుగ, ఇక్కడ చేస్తే కేసా?’ అన్న ప్రశ్న సరిహద్దు మండలాల్లో ప్రతి జనవరిలోనూ పుడుతుంది. దానికి తరచు వచ్చే జవాబు, తమిళనాడులో జనం గట్టిగా పోరాడారని. అది సగం నిజమే. పోరాటం ప్రభుత్వాలను కదిలించింది, కానీ కోర్టులో చట్టాన్ని కాపాడింది పోరాటం కాదు.

## ఎద్దు ఏ జాబితాలోకి వస్తుంది?

చట్టాలు చేసే అధికారాన్ని 246వ అధికరణ పంచుతుంది. ఏ విషయం ఎవరిదో ఏడో షెడ్యూలు చెబుతుంది. రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు కేంద్ర జాబితాలో 97, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47 అంశాలుండేవి. తర్వాతి సవరణలతో కొన్ని చేరాయి, కొన్ని తొలగాయి, కొన్ని ఒక జాబితా నుంచి మరో జాబితాకు మారాయి. 1976లో 42వ సవరణ అడవులను రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మార్చింది. శేషాచలం అడవుల గురించి శాసనసభతో పాటు పార్లమెంటు కూడా చట్టం చేయగలగడం ఆ మార్పు ఫలితమే.

పశువుల పండుగను చూసినవాళ్లకు ఇది రాష్ట్ర విషయమే అనిపించడం సహజం. పశుసంపద పరిరక్షణ, అభివృద్ధి రాష్ట్ర జాబితాలో 15వ అంశం. క్రీడలు, వినోదాలు అదే జాబితాలో 33వ అంశం. కానీ ‘జంతువుల పట్ల క్రూరత్వ నివారణ’ ఉమ్మడి జాబితాలో 17వ అంశంగా విడిగా ఉంది. మూడూ ఒకే ఎద్దు చుట్టూ తిరుగుతున్నప్పుడు కోర్టు ముందుగా అడిగేది ఒక్కటే: ఈ చట్టం దేని గురించి? పేరు ఏదైనా కావచ్చు, దాని అసలు సారం ఏమిటి? న్యాయస్థానాలు దీన్ని ‘సారాంశ పరీక్ష’గా వాడతాయి.

ఈ మొదటి మెట్టు చాలామంది దాటేస్తారు. ఒక రాష్ట్ర చట్టం సారం పూర్తిగా రాష్ట్ర జాబితాలో ఉంటే, అది కేంద్ర చట్టాన్ని అక్కడక్కడ తాకినా 254వ అధికరణ అవసరమే రాదు. 1983లో హోక్స్ట్ ఫార్మాస్యూటికల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. బీహార్ విధించిన సర్‌చార్జి అమ్మకపు పన్నుకు సంబంధించినది కాబట్టి, మందుల ధరలపై కేంద్ర ఉత్తర్వు ఉందన్న కారణంతో అది చెల్లకుండా పోదని తేల్చింది. రెండు చట్టాలూ ఉమ్మడి జాబితాలోని విషయం మీదే ఉన్నప్పుడు మాత్రమే 254 కింద తూచడం మొదలవుతుంది.

ఉమ్మడి జాబితాలో ఉన్నంత మాత్రాన గొడవ వస్తుందనీ లేదు. తిరుపతి వాసులకు దగ్గరి ఉదాహరణ తిరుమలే. మత సంస్థలు, ధర్మాదాయాలు ఉమ్మడి జాబితాలో 28వ అంశం. తిరుమల తిరుపతి దేవస్థానం పాలన 1987 నాటి రాష్ట్ర దేవాదాయ చట్టం కింద నడుస్తోంది. ఆలయాల రోజువారీ పాలనను శాసించే కేంద్ర చట్టం దానికి ఎదురుగా లేదు కాబట్టి తగువు లేదు. ఎద్దు విషయంలో ఎదురుగా ఒక కేంద్ర చట్టం ఉంది. చిక్కు అక్కడి నుంచే మొదలవుతుంది.

## అవశిష్ట అధికారం ఇక్కడ ఎందుకు పనిచేయదు

మూడు జాబితాల్లో ఎక్కడా లేని విషయం వస్తే, 248వ అధికరణ, కేంద్ర జాబితాలోని 97వ అంశం కలిసి దాన్ని పార్లమెంటుకు అప్పగిస్తాయి. దీన్నే అవశిష్ట అధికారం అంటారు. అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ మిగిలిన అధికారం రాష్ట్రాలది. కెనడాలో మాదిరిగా మన దగ్గర అది కేంద్రానిది. 1935 నాటి చట్టంలో మాత్రం మిగిలిన విషయం ఎవరికివ్వాలో గవర్నర్ జనరల్ తన విచక్షణతో తేల్చేవారు.

ఎద్దుల విషయం ఉమ్మడి జాబితాలో పేరుతో సహా ఉంది కాబట్టి అవశిష్ట అధికారం ఇందులోకి రాదు. అది చివరి తలుపు. మిగతా తలుపులన్నీ తట్టి చూశాకే అక్కడికి వెళ్లాలి. అయితే 1971లో ధిల్లాన్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల్లో నలుగురు ఈ తలుపును కొంచెం వెడల్పు చేశారు. ఒక కేంద్ర చట్టం చెల్లుతుందా అని చూసేటప్పుడు, ఆ విషయం రాష్ట్ర జాబితాలో ఉందా లేదా అని అడిగితే చాలన్నారు. లేదని తేలితే అధికారం పార్లమెంటుదే, ఏ అంశం కిందన్న వెతుకులాటతో పని లేదు. రాష్ట్రాల దృష్టిలో చూస్తే ఇది బరువైన మాట. కొత్తగా పుట్టే విషయం ఏదైనా, రాష్ట్ర జాబితాలోని పాత మాటల్లో ఇమడకపోతే, సహజంగానే ఢిల్లీ వైపు జారుతుంది.

ఆన్‌లైన్ ఆటల వివాదం అలాంటిదే. పందేలు, జూదం రాష్ట్ర జాబితాలో 34వ అంశం. ఆ బలంతోనే ఆంధ్రప్రదేశ్ 2020లో తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. ఫోనులో ఆడేది పందెమా, సమాచార వ్యవస్థా, లేక రాజ్యాంగం రాసినప్పుడు ఊహించని మూడో విషయమా అన్న దాని మీద ఆ చట్టం భవిష్యత్తు ఆధారపడుతుంది. ఎద్దు పాత ప్రాణి కాబట్టి దాని చిరునామా రాజ్యాంగంలో ముందే ఉంది.

## 2014: రెండు చట్టాలు ఢీకొన్న చోటు

1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో మూడో సెక్షన్, పశువును పెంచేవారు దాని మేలు చూడాలని, అనవసరమైన నొప్పి కలగకుండా జాగ్రత్త తీసుకోవాలని చెబుతుంది. పదకొండో సెక్షన్ కొట్టడం, తన్నడం, హింసించడం, అనవసర బాధ పెట్టడం నేరమంటుంది. ఇరవై రెండో సెక్షన్ కింద కొన్ని జంతువులను ప్రదర్శనలకు వాడకుండా కేంద్రం నిషేధించవచ్చు. 2011 జులై 11న ఒక ప్రకటనతో ఆ నిషేధిత జంతువుల్లో ఎద్దును కూడా చేర్చారు.

దానికి రెండేళ్ల ముందే, 2009లో, తమిళనాడు జల్లికట్టు క్రమబద్ధీకరణ చట్టం చేసింది. అనుమతి తీసుకుని, నిబంధనలు పాటించి ఆట జరుపుకోవచ్చన్నది దాని సారం. నాగరాజ కేసుగా పేరుపడిన తీర్పులో 2014 మే 7న సుప్రీంకోర్టు ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చదివింది.

వైరుధ్యాన్ని గుర్తించడానికి 1979 నాటి కరుణానిధి కేసు నుంచి స్థిరపడిన కొలతలున్నాయి. ఒకటి, రెండు చట్టాలనూ ఒకేసారి పాటించడం అసాధ్యం కావడం: ఒకటి చేయమంటే మరొకటి వద్దనడం. రెండు, ఆ విషయం మీద పూర్తి చట్టం తనదే కావాలని, మరొకరికి చోటు లేదని పార్లమెంటు ఉద్దేశించడం. మూడు, ఇద్దరూ ఒకే స్థలాన్ని ఆక్రమించడం. రెండు చట్టాలు ఒకే దారిలో నడిచినంత మాత్రాన వైరుధ్యం అనరు. వీలైనంత వరకు రెండింటినీ బతికించి చదవాలన్నదే కోర్టుల మొదటి ప్రయత్నం. నాగరాజ కేసులో ఆ ప్రయత్నానికి చోటు దొరకలేదు. ఎద్దుకు అనవసర బాధ కలిగించడాన్ని కేంద్ర చట్టం నిషేధిస్తే, బాధ తప్పని ఆటకు రాష్ట్ర చట్టం అనుమతి ఇస్తోందని కోర్టు భావించింది. పైగా 2009 చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లేదు. 254(1) ప్రకారం, కేంద్ర చట్టానికి విరుద్ధంగా ఉన్న మేరకు రాష్ట్ర చట్టం చెల్లదు. అది కొట్టుడుపోయింది.

ఆ తీర్పులో ఆంధ్రప్రదేశ్‌కు నేరుగా తగిలే మాట కూడా ఉంది. తమిళనాడు, మహారాష్ట్రలోనే కాక దేశంలో మరెక్కడా జల్లికట్టుకు, ఎడ్లబండ్ల పందేలకు ఎద్దులను వాడరాదని కోర్టు చెప్పింది. రంగంపేట వైపు నుంచి వినిపించే వాదన, ఇది జల్లికట్టు కాదు, పశువుల పండుగ అని. గిత్త మూపురం పట్టుకుని వేలాడటం ఇక్కడి పద్ధతి కాదని, పలక తీసుకోవడమే లక్ష్యమని అంటారు. తేడా నిజమే కావచ్చు. కానీ మూడు, పదకొండు సెక్షన్లు ఆట పేరు చూడవు, పశువుకు ఏం జరిగిందో చూస్తాయి. తోక మెలిపెట్టినా, కర్రతో పొడిచినా, బెదరగొట్టి గుంపులోకి తోలినా అడిగే ప్రశ్న ఒకటే.

## 2017: వెళ్లిన దారి మారింది

2014 తర్వాత మొదటి ప్రయత్నం కేంద్రం వైపు నుంచి జరిగింది. 2016 జనవరి 7న 2011 నాటి ప్రకటనను సడలిస్తూ కేంద్రం ఒక ప్రకటన జారీ చేసింది. అయిదు రోజులకే సుప్రీంకోర్టు దాని అమలును ఆపింది. చట్టంలో ఉన్న నిషేధాన్ని ఒక ప్రకటనతో దాటడం కష్టమని అప్పుడే తెలిసొచ్చింది.

2017 జనవరిలో మెరీనా తీరంలో యువత బైఠాయించాక తమిళనాడు వేసిన అడుగు వేరు. కొత్తగా విడి చట్టం రాయలేదు. కేంద్ర చట్టాన్నే తన రాష్ట్రం వరకు సవరించింది. ‘జల్లికట్టు’ అన్న మాటకు నిర్వచనం చేర్చి, జనవరి నుంచి మే వరకు ప్రభుత్వం ప్రకటించిన రోజుల్లో, ప్రకటించిన చోట్లలో సంప్రదాయంగా జరిగే వేడుక అని రాసింది. మంజువిరాట్టు, వడమాడు, ఎరుదు విడుం విళా దానిలోకే వస్తాయని చెప్పింది. ఆపైన మూడు, పదకొండు, ఇరవై రెండు సెక్షన్లలో ఒక్కో చోట ఒక్కో మినహాయింపు పెట్టింది. 2014 తీర్పు ఏ సెక్షన్ల దగ్గర పట్టుకుందో సరిగ్గా అక్కడే కుట్టు వేశారని చదివితే అర్థమవుతుంది.

జనవరి 21న ఆర్డినెన్సు వచ్చింది. రాష్ట్రపతి ఆమోదం అవసరమైన విషయంపై గవర్నర్ ఆర్డినెన్సు జారీ చేయాలంటే 213వ అధికరణ ప్రకారం ముందు రాష్ట్రపతి సూచన ఉండాలి. కాబట్టి ఆ కాగితం ముందు ఢిల్లీ వెళ్లి వచ్చింది. 23న శాసనసభ బిల్లు ఆమోదించింది. దాన్ని రాష్ట్రపతి పరిశీలనకు పంపారు. 31న ఆమోదం వచ్చింది.

ఇక్కడ 254లోని రెండో భాగం పని మొదలుపెడుతుంది. ఉమ్మడి జాబితాలోని విషయంపై రాష్ట్ర చట్టం, అంతకుముందున్న కేంద్ర చట్టానికి విరుద్ధంగా ఉన్నా, రాష్ట్రపతి పరిశీలనకు వెళ్లి ఆమోదం పొందితే, ఆ రాష్ట్రంలో రాష్ట్ర చట్టమే నిలుస్తుంది. ‘ఆ రాష్ట్రంలో’ అన్న మాటను వేలితో చూపించి చదవాలి. వేలూరులో 1960 చట్టం సవరించిన రూపంలో ఉంది. చిత్తూరులో మూల రూపంలో ఉంది. పుస్తకం ఒకటే, పాఠాలు రెండు.

2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు సవరణను నిలబెట్టింది. కంబళ అనే దున్నపోతుల పరుగు పందెం కోసం కర్ణాటక, ఎడ్లబండ్ల పందేల కోసం మహారాష్ట్ర చేసిన సవరణలూ నిలిచాయి. సవరణ సారం ఉమ్మడి జాబితా 17వ అంశంలోదేనని, నిబంధనలతో కలిపి చూస్తే అది పశువు బాధను తగ్గించేలా ఉందని, రాష్ట్రపతి ఆమోదం ఉంది కాబట్టి అందులో లోపం లేదని చెప్పింది. ఆట సంప్రదాయంలో భాగమా కాదా అన్నది శాసనసభ తేల్చుకోవాల్సిన విషయమని, 2014లో దానిపై చేసిన నిర్ధారణతో తాము ఏకీభవించడం లేదని కూడా చెప్పింది.

ఈ తీర్పును ‘సంప్రదాయం గెలిచింది’ అని చదివితే పొరపాటు. ఆచారం ఉందన్న ఒక్క కారణంతో ఏ ఊరికీ మినహాయింపు రాలేదు. శాసనసభ చట్టం, రాష్ట్రపతి ఆమోదం, పశువును కాపాడే నిబంధనలు మూడూ ఉన్నచోటే వచ్చింది.

## ఆమోదం ఎంతవరకు కాపాడుతుంది

రాష్ట్రపతి ఆమోదం ఒక్క జబ్బుకే మందు. కేంద్ర చట్టంతో ఉన్న వైరుధ్యాన్ని అది మాన్పుతుంది. శాసనసభకు అసలు అధికారమే లేని విషయమైతే ఆమోదం అధికారాన్ని తెచ్చిపెట్టదు. ప్రాథమిక హక్కులకు భంగం కలిగితే ఆమోదం అడ్డురాదు. అందుకే 2023లో ధర్మాసనం 14, 21 అధికరణల కింద కూడా సవరణను తూచాల్సి వచ్చింది.

ఆమోదం కోరుతూ ఏం రాశారన్నదీ ముఖ్యమే. 2002లో కైజర్-ఇ-హింద్ కేసులో సుప్రీంకోర్టు, రాష్ట్రం ఏ కేంద్ర చట్టంతో వైరుధ్యముందని చెప్పి ఆమోదం తీసుకుందో ఆ చట్టం వరకే రక్షణ అని తేల్చింది. సచివాలయంలో రాసే లేఖలో ఒక కేంద్ర చట్టం పేరు మరిచిపోతే, ఆ మరుపు పదేళ్ల తర్వాత కోర్టులో బయటపడవచ్చు.

ఇక కాలం సంగతి. తమిళనాడుకు ఎనిమిది రోజుల్లో వచ్చిన ఆమోదం అందరికీ అలా రాదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 డిసెంబరులో దిశ బిల్లును ఆమోదించింది. శిక్షాస్మృతి, నేర విచారణ విధానం ఉమ్మడి జాబితాలో మొదటి రెండు అంశాలు. కేంద్ర చట్టాలను మార్చాలి కాబట్టి అదీ రాష్ట్రపతి దగ్గరికి వెళ్లింది. ఆమోదం రాలేదు. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి రావడంతో, ఆ బిల్లు సవరించదలచిన పాత చట్టాలే పక్కకు పోయాయి. గవర్నరు, రాష్ట్రపతి నిర్ణయాలకు కోర్టులు గడువు విధించలేవని 2025 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం అభిప్రాయం చెప్పింది. కాబట్టి 254(2) రాష్ట్రాలకు ఇచ్చిన వెసులుబాటు నిజమైనదే అయినా, దాని తాళం ఢిల్లీలో ఉంది. కేంద్రంతో రాష్ట్రానికి ఆ రోజు ఉన్న సంబంధం ఒక చట్టం పుట్టుకను నిర్ణయించగలగడం సమాఖ్య వ్యవస్థలో చిన్న లోపం కాదు.

## ఆంధ్రప్రదేశ్ ముందున్న దారి

కలెక్టరు ఇచ్చే మౌఖిక హామీ గానీ, ప్రభుత్వ ఉత్తర్వు గానీ 1960 చట్టాన్ని పక్కన పెట్టలేవు. పశువుల పండుగకు చట్టబద్ధత కావాలంటే శాసనసభ సవరణ బిల్లు తేవాలి. అందులో పండుగ ఏమిటో, ఏ రోజుల్లో, ఏ ఊళ్లలో జరుగుతుందో నిర్వచించాలి. పశువైద్య పరీక్ష, గిత్త పరిగెత్తే దారికి కంచె, అది అలసి ఆగే చోటు, కొమ్ముకు కట్టే పలక బరువు వంటివి నిబంధనల్లో రావాలి. గవర్నరు దాన్ని రాష్ట్రపతి పరిశీలనకు పంపాలి. తమిళనాడు నకలును పేరు మార్చి పెడితే సరిపోదు. ఇక్కడి పద్ధతి వేరని వాదించేవాళ్లు ఆ తేడాను చట్టం భాషలో రాయగలగాలి.

అంతా జరిగినా అది శాశ్వతం కాదు. 254(2) చివర ఉన్న మినహాయింపు ప్రకారం, రాష్ట్రపతి ఆమోదం పొందిన చట్టాన్ని కూడా పార్లమెంటు ఎప్పుడైనా మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. పేరు పెట్టి రద్దు చేయనక్కర్లేదు కూడా. 1947లో బొంబాయి రాష్ట్రం నిత్యావసర సరుకుల నేరాలకు శిక్ష పెంచి ఆమోదం తెచ్చుకుంది. 1950లో కేంద్రం అదే విషయంపై కొత్త శిక్షలు నిర్ణయించింది. బొంబాయి చట్టం దానంతటదే చెల్లకుండా పోయిందని 1954లో జవేర్‌భాయి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఈ ప్రమాదం ఊహ కాదు. 1960 చట్టం కింద మొదటిసారి చేసిన నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల వరకే. ఈ మొత్తాలను పెంచుతూ, కొత్త నేరాలను చేరుస్తూ కేంద్రం 2022 నవంబరులో ఒక సవరణ ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెట్టింది. అలాంటి బిల్లు ఎప్పుడైనా పార్లమెంటుకు వస్తే, జరిమానా ఎంతకు పెరిగిందన్న దాని కన్నా ముందు చూడాల్సిన వాక్యం మరొకటుంది: రాష్ట్రాలు చేసుకున్న మినహాయింపులను అది అలాగే ఉంచుతుందా, లేక ఆ స్థలమంతా తనదే అంటుందా అన్నది. రెండోది జరిగితే వేలూరు వీధికీ రంగంపేట వీధికీ మధ్య చట్టంలో తేడా ఉండదు.